కాంట్రాక్టు ఏర్పడిందా లేదా: తేదీలున్న ప్రాబ్లమ్‌ని విప్పే వరస

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతున్నాను సార్. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్లు, కేసులు అన్నీ వచ్చు. కానీ ప్రాబ్లమ్ ఇస్తే కాంట్రాక్టు ఏర్పడిందో లేదో తేల్చలేకపోతున్నాను. ఉత్తరాలు, తేదీలు వస్తే మరీ గందరగోళం. ప్రతిఫలం గురించి ఎక్కడ రాయాలో కూడా అర్థం కావడం లేదు. ఏ వరసలో వెళ్లాలి?

జవాబు: ముందు తేదీల వరస రాసుకోండి. తర్వాత ఒక్కో సంభాషణ దగ్గర ఆగి, "ఈ క్షణంలో ఆఫర్ బతికుందా?" అని అడగండి. బతికున్న ఆఫర్‌కి, అది చచ్చేలోపు, మార్పులేమీ లేని అంగీకారం వెళ్లిందంటే ఒప్పందం ఏర్పడినట్టే. ఆ తర్వాత ఒక్కో వాగ్దానానికి విడివిడిగా ప్రతిఫలం వెతకండి. మొత్తం వ్యవహారానికి కలిపి ఒకేసారి కాదు. మైనర్, సమ్మతి, చట్టబద్ధత లాంటి సెక్షన్ 10 విషయాలు చివరికి వస్తాయి. అవి కూడా ప్రశ్నలో వాటికి సూచన ఉంటేనే. ప్రశ్న ఏ వయసూ చెప్పకపోతే మోహరీ బీబీ కేసు మీద పేజీ రాయడం వృథా.

సెక్షన్లు వచ్చినా తేల్చలేకపోవడానికి కారణం సాధారణంగా ఒక్కటే. సెక్షన్ 4ని "అంగీకారం ఎప్పుడు పూర్తవుతుంది" అన్న ఒకే ప్రశ్నగా చదవడం. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి: ఎవరి మీద పూర్తవుతుంది? ఎప్పుడు పూర్తవుతుంది? దాన్ని ఒక ప్రాబ్లమ్ మీద పెట్టి చూద్దాం.

> మార్చి 1న రాము సోముకి ఉత్తరం రాశాడు: "నా పాత ప్రింటింగ్ మెషిన్ మీకు 4 లక్షలకు అమ్ముతాను. మీ ప్రెస్‌కి నేనే చేరుస్తాను. 10వ తేదీ దాకా ఈ ఆఫర్ ఉంచుతాను. జవాబు పోస్టులో పంపండి." ఉత్తరం 3న అందింది. 4న సోము ఈమెయిల్ పెట్టాడు: "డబ్బు రెండు వాయిదాల్లో ఇస్తే మీకు వీలవుతుందా? తెలపండి." రాము బదులివ్వలేదు. 5న రాము మనసు మార్చుకుని, ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం పోస్టు చేశాడు. 6న ఉదయం సోము "4 లక్షలకు తీసుకుంటున్నాను" అని ఉత్తరం పోస్టు చేశాడు. 7న రాము రెండో ఉత్తరం సోముకి అందింది. 9న సోము ఉత్తరం రాముకి అందింది. 12న రాము "రవాణా ఖర్చు పెరిగింది, ఇంకో 20 వేలు ఇస్తే పంపుతాను" అన్నాడు. సోము సరేనన్నాడు. మెషిన్ వచ్చాక ఆ 20 వేలు ఇవ్వనంటున్నాడు.

మార్చి 1 ఉత్తరం ఆఫరేనా? సెక్షన్ 2(ఎ) అడిగేది, ఎదుటివాడు ఒప్పుకుంటే కట్టుబడతానన్న సుముఖత. ఉత్తరం ఒక మనిషికే రాసింది, వస్తువేదో చెప్పింది, ధర చెప్పింది, "అమ్ముతాను" అంది. సోము సరేనంటే తేల్చాల్సింది ఇంకేమీ మిగల్లేదు. కాబట్టి ఆఫరే. దీన్ని రెండు వాక్యాల్లో ముగించండి.

అదే రాము "4 లక్షలకు తక్కువైతే అమ్మను" అని మాత్రమే రాసి ఉంటే కథ వేరు. మెక్‌ఫెర్సన్ వర్సెస్ అప్పన్న (1951) కేసులో బంగళా యజమాని పది వేలకు తక్కువైతే ఒప్పుకోనని జవాబిచ్చాడు. కొనేవాడు పది వేలకు సరేనన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పందం లేదంది. తక్కువకు ఇవ్వనని చెప్పినంత మాత్రాన ఆ ధరకు ఇస్తానని చెప్పినట్టు కాదు. అంతకుముందు హార్వీ వర్సెస్ ఫేసీ (1893) చెప్పిందీ ఇదే. ప్రశ్నలో "అమ్ముతాను" అన్న మాట ఉందా, ధర సమాచారం మాత్రమే ఉందా అన్నది వేలు పెట్టి చూడండి. చాలా ప్రశ్నల్లో మొదటి మెలిక అక్కడే ఉంటుంది.

ఈ ఆఫర్ సోముకి తెలిసింది 3న. కనుక దాని కమ్యూనికేషన్ 3న పూర్తయింది. ఆఫర్ తెలియకుండా చేసిన పని అంగీకారం కాదని లాల్మన్ శుక్లా కేసు (1913) చెబుతుంది. తప్పిపోయిన పిల్లవాడిని వెతికి పట్టుకున్న పనివాడికి, బహుమతి ప్రకటన సంగతి అప్పటికి తెలియదు కాబట్టి బహుమతి దక్కలేదు. మన ప్రాబ్లమ్‌లో ఆ సమస్య లేదు, ముందుకు వెళదాం.

4వ తేదీ ఈమెయిల్ ఆఫర్‌ని చంపిందా? ఇక్కడ తొందరపడితే మొత్తం జవాబు తప్పుదారి పడుతుంది. అంగీకారం షరతుల్లేకుండా, ఆఫర్‌ని ఉన్నదున్నట్టు ఒప్పుకునేలా ఉండాలని సెక్షన్ 7 అంటుంది. కొత్త షరతు పెడితే అది కౌంటర్ ఆఫర్. పాత ఆఫర్‌ని తోసేసినట్టే, మళ్లీ దాన్ని ఒప్పుకుంటానంటే కుదరదు. హైడ్ వర్సెస్ రెంచ్ (1840) లో 1000 పౌండ్ల ఆఫర్‌కి కొనేవాడు 950 అన్నాడు. అమ్మేవాడు కాదన్నాక 1000కే తీసుకుంటానన్నా లాభం లేకపోయింది.

కానీ సోము ఏమన్నాడు? "వీలవుతుందా? తెలపండి" అన్నాడు. వాయిదాలు ఇస్తేనే కొంటానని అనలేదు. ఇది వాకబు. స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్‌లీన్ (1880) లో ఇనుము కొనేవాడు ఇలాగే, సరుకు రెండు నెలల మీద తీసుకునే వీలుందా అని టెలిగ్రాం కొట్టాడు. కోర్టు దాన్ని వాకబుగానే చూసింది, ఆఫర్ బతికే ఉందంది. రెంటికీ తేడా పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ మాటకి ఎదుటివాడు ఊరికే "సరే" అంటే అక్కడికక్కడే కొత్త ఒప్పందం పుడుతుందా? "3.5 లక్షలకు తీసుకుంటాను" అన్న మాటకి "సరే" అంటే పుడుతుంది, కనుక అది కౌంటర్ ఆఫర్. "వాయిదాలు వీలవుతుందా" అన్నదానికి "వీలవుతుంది" అంటే ఒక సమాచారం అందింది, కొంటానని సోము ఇంకా చెప్పనే లేదు. జవాబులో ప్రశ్నలోని ఆ అసలు పదాన్నే కోట్ చేసి ఈ తేడా చూపించండి. కేసు పేరు రాసి వదిలేస్తే, దాన్ని ఇక్కడెందుకు తెచ్చారో దిద్దేవారికి తెలియదు.

రాము బదులివ్వకపోవడంతో ఏమీ మారదు. ఆఫర్ 4న ఎలా ఉందో అలాగే ఉంది.

5వ తేదీ ఉపసంహరణ చెల్లుతుందా? ప్రాబ్లమ్‌కి గుండెకాయ ఇదే. ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, 10 దాకా ఉంచుతానని మాటిచ్చి 5నే వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. అంతకాలం ఆపి ఉంచుతానన్నది మరో వాగ్దానం, దానికి సోము ప్రతిఫలమేమీ ఇవ్వలేదు. సోము అందుకోసం విడిగా ఓ వెయ్యి రూపాయలు ఇచ్చి ఉంటే అది కట్టిపడేసేది. 10వ తేదీ అన్నది ఆఫర్ తనంతట తాను ముగిసే గడువు మాత్రమే (సెక్షన్ 6). లోపల వెనక్కి తీసుకునే హక్కుని అది తీసేయదు. ఒక్కో వాగ్దానానికి విడిగా ప్రతిఫలం వెతకమన్నది ఇందుకే. మీరు అడిగిన "ప్రతిఫలం ఎక్కడ రాయాలి" అన్నదానికి మొదటి చోటు ఇది.

రెండోది తేదీల లెక్క. సెక్షన్ 4 ఉపసంహరణకి కూడా ఇద్దరి మీద రెండు వేర్వేరు సమయాలు పెట్టింది. వెనక్కి తీసుకునే మనిషి మీద, ఆ మాట అతని చేయి దాటిపోయినప్పుడు. ఎదుటివాడి మీద, అది అతనికి తెలిసినప్పుడు. అంటే రాము మీద 5న, సోము మీద 7న.

ఇప్పుడు అంగీకారం. పోస్టు విషయంలో దానికీ రెండు సమయాలే. ఆఫర్ ఇచ్చిన రాము మీద, సోము ఉత్తరం పోస్టు డబ్బాలో పడి అతని చేయి దాటిన 6న. ఒప్పుకున్న సోము మీద, ఆ ఉత్తరం రాముకి అందిన 9న.

సెక్షన్ 5 ప్రకారం ఆఫర్‌ని వెనక్కి తీసుకునే అవకాశం, అంగీకారం ఆఫరర్ మీద పూర్తయ్యే వరకే. అంటే 6 ఉదయం దాకా. అప్పటికి రాము ఉత్తరం బయల్దేరింది కానీ సోముకి అందలేదు, సోము మీద అది పనిచేయలేదు. 7న అందేసరికి ఆలస్యమైపోయింది. 6న కాంట్రాక్టు ఏర్పడింది, రాము కట్టుబడ్డాడు.

"రాము 5నే పోస్టు చేశాడు, సోము 6న కదా, రాముదే ముందు" అని రాసేవారు చాలామంది. పంపిన తేదీని పంపిన తేదీతో పోల్చడమే ఇక్కడ పొరపాటు. పోల్చాల్సింది: ఉపసంహరణ అందిన తేదీ, అంగీకారం పోస్టయిన తేదీ. బర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్ (1880) సరిగ్గా ఇదే. అక్టోబర్ 1న కార్డిఫ్ నుంచి న్యూయార్క్‌కి ఆఫర్ వెళ్లింది. 8న ఉపసంహరణ పోస్టయింది. 11న అవతలివారు అంగీకరించారు. ఉపసంహరణ 20న అందింది. కాంట్రాక్టు ఉందని తీర్పు.

ఇక్కడ జవాబు ముగించకండి. భారత చట్టం ఇంగ్లీషు చట్టం నుంచి విడిపోయే చోటు ఇదే, దీన్ని చూపిస్తే జవాబుకి బలం వస్తుంది. 6 నుంచి 9 వరకు రాము ఒక్కడే ఇరుక్కున్నాడు, సోము ఇంకా లేదు. 8న సోము ఫోన్ చేసి "నా ఉత్తరం రాబోతోంది, దాన్ని పట్టించుకోవద్దు, నాకు మెషిన్ వద్దు" అంటే సెక్షన్ 5 ప్రకారం అది చెల్లే ఉపసంహరణ. ఆడమ్స్ వర్సెస్ లిండ్‌సెల్ (1818) నుంచి వచ్చిన ఇంగ్లీషు సూత్రంలో పోస్టు చేయగానే ఇద్దరూ బందీలే. ఆ సూత్రాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు దించితే సోము గురించి తప్పు చెప్పినట్టవుతుంది. ప్రశ్నలో "ఉత్తరం అందకముందే ఫోన్ చేశాడు" అన్న వాక్యం కనిపిస్తే మిమ్మల్ని అడుగుతున్నది ఈ తేడానే.

సోము ఉత్తరం దారిలో పోయిందనుకోండి. అప్పుడు కూడా రాము కట్టుబడే ఉంటాడు, ఎందుకంటే అతని మీద అంగీకారం 6నే పూర్తయింది. సోము మీద మాత్రం ఎప్పటికీ పూర్తి కాదు. అయితే సోము చిరునామా తప్పు రాసి ఉంటే, రాముకి చేరే దారిలో దాన్ని పెట్టినట్టే కాదు, పోస్టు సూత్రం వర్తించదు. ప్రశ్నలో చిరునామా ప్రస్తావన ఊరికే రాదు.

అంగీకారం ఫోన్లో చెప్పి ఉంటే పోస్టు లెక్కలేవీ వద్దు. భగవాన్‌దాస్ కేడియా కేసు (1966) లో సుప్రీంకోర్టు, ఫోన్ మాట అవతలివాడికి వినిపించిన చోట, వినిపించినప్పుడు కాంట్రాక్టు ఏర్పడుతుందంది. లైను మధ్యలో తెగి "తీసుకుంటా" అన్న మాట వినిపించకపోతే అంగీకారం లేనట్టే. ఈమెయిల్ వస్తే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, 2000 సెక్షన్ 13 తీయండి. సందేశం అందే సమయాన్ని అది చెబుతుంది. మామూలుగా, చూపించిన మెయిల్ సిస్టంలోకి అది చేరినప్పుడు అందినట్టు.

మన ప్రాబ్లమ్‌లో రాము "పోస్టులో పంపండి" అన్నాడు, సోము పోస్టులోనే పంపాడు, కనుక చిక్కు లేదు. వేరే దారిలో పంపి ఉన్నా అంగీకారం వెంటనే చెల్లకుండా పోదు. నేను చెప్పిన పద్ధతిలోనే పంపమని రాము తగిన సమయంలో పట్టుబట్టాలి. పట్టుబట్టకపోతే ఒప్పుకున్నట్టేనని సెక్షన్ 7 అంటుంది.

ఇప్పుడు ప్రతిఫలం. 6న ఏర్పడిన ఒప్పందంలో రెండు వాగ్దానాలున్నాయి. రాముది మెషిన్ ఇచ్చి చేరుస్తానని, సోముది 4 లక్షలు ఇస్తానని. ఒకదానికి ఇంకొకటి ప్రతిఫలం. సెక్షన్ 2(డి) లో "చేస్తానని వాగ్దానం" అన్న మాట ఉంది కాబట్టి ఇంకా డబ్బు చేతులు మారకపోయినా సరిపోతుంది. ఒక వాక్యం చాలు. మెషిన్ 7 లక్షలు చేస్తుందని ప్రశ్నలో ఉంటే ఇంకో వాక్యం: ప్రతిఫలం తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. కానీ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందేనా అని చూసేటప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు (సెక్షన్ 25, రెండో వివరణ).

అసలు రాయాల్సింది 12వ తేదీ 20 వేల గురించి. సోము వాగ్దానం: 20 వేలు ఇస్తాను. దానికి రాము ఇచ్చిందేమిటి? మెషిన్ చేర్చడం. కానీ చేర్చే బాధ్యత 1వ తేదీ ఉత్తరంలోనే ఉంది, 6 నుంచే రాము దానికి బందీ. చేయాల్సిన పనినే చేస్తానంటే సోముకి కొత్తగా ఒరిగిందేమీ లేదు. స్టిల్క్ వర్సెస్ మైరిక్ (1809) లో ఇద్దరు నావికులు ఓడ విడిచి వెళ్తే, వాళ్ల జీతం మిగిలినవారికి పంచుతానని కెప్టెన్ అన్నాడు. కోర్టు ఇప్పించలేదు. మన దగ్గర రామచంద్ర చింతామణ్ వర్సెస్ కాలు రాజు (1877) లో, కేసు ఒప్పుకున్న వకీలుకి గెలిస్తే అదనంగా ఇస్తానన్న మాట ఇదే కారణంతో నిలబడలేదు. కాబట్టి 20 వేల వాగ్దానం ప్రతిఫలం లేని ఒప్పందం. సెక్షన్ 25 మినహాయింపులు, అంటే దగ్గరి బంధువుల మధ్య ప్రేమాభిమానాలతో రాసి రిజిస్టరు చేసింది, గతంలో స్వచ్ఛందంగా చేసిన సాయానికి పరిహారం, కాలం చెల్లిన బాకీ ఇస్తానని రాసి సంతకం పెట్టింది, ఏదీ ఇక్కడ లేదు. అది చెల్లదు. ఇంగ్లండులో విలియమ్స్ వర్సెస్ రాఫీ బ్రదర్స్ ఈ సూత్రాన్ని కొంత సడలించింది. రాము తరఫు వాదనగా దాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించవచ్చు.

ఇక్కడ "20 వేలు చెల్లదు కాబట్టి కాంట్రాక్టు చెల్లదు" అని రాయకండి. చెల్లనిది 12వ తేదీ వాగ్దానం. 6వ తేదీ కాంట్రాక్టు చెక్కుచెదరలేదు. సోము 4 లక్షలు ఇచ్చి తీరాలి. రాము ఆ 20 వేలకి బదులుగా మెషిన్‌ని బిగించి, నడిపి చూపిస్తానని కూడా అని ఉంటే జవాబు తిరగబడేది. బిగించడం పాత ఒప్పందంలో లేదు, అది కొత్త ప్రతిఫలం. అంత చిన్న మాట మీద ఫలితం మారుతుంది, కాబట్టి పాత ఒప్పందంలో ఏమేం ఉన్నాయో ముందు గీత గీసి పెట్టుకోండి.

ప్రతిఫలంలో మరో సాధారణ మెలిక "ఎవరి కోరిక మీద" అన్నది. సెక్షన్ 2(డి) ప్రకారం ఆ పని వాగ్దానం చేసినవాడి కోరిక మీద జరగాలి. దుర్గాప్రసాద్ వర్సెస్ బల్దేవ్ (1880) లో కలెక్టర్ కోరితే ఒకాయన బజారు కట్టాడు. అందులో దుకాణాలు పెట్టినవారు తర్వాత కమీషన్ ఇస్తామన్నారు. కట్టింది వాళ్ల కోరిక మీద కాదు కాబట్టి ప్రతిఫలం లేదన్నారు. దీన్ని కేదార్‌నాథ్ వర్సెస్ గోరీ మహమ్మద్ (1886) పక్కన పెట్టి చూడండి. హౌరా టౌన్‌హాల్‌కి 100 రూపాయల చందా రాసినవాడు కట్టాల్సి వచ్చింది. అతని సంతకాన్ని, మిగిలిన చందాలను నమ్ముకుని కాంట్రాక్టర్‌కి పని ఒప్పజెప్పారు. చందా రాసి ఊరుకుంటే, దాన్ని నమ్ముకుని ఎవరూ ఏమీ చేయకపోతే, కట్టనక్కర్లేదు. కోరిక ఎవరిదో చూస్తే చాలు, ప్రతిఫలం ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది భారత చట్టంలో అడ్డు కాదు. "వాగ్దానం అందుకున్నవాడు లేదా మరే వ్యక్తి అయినా" అని సెక్షన్‌లోనే ఉంది, చిన్నయ్య వర్సెస్ రామయ్య (1882) దాన్నే అమలు చేసింది.

చివరగా, పై ప్రాబ్లమ్‌ని కాస్త తిప్పి అడిగే రూపం ఒకటుంది. మెషిన్ వచ్చాక సోము దగ్గర డబ్బు చాలలేదు. రాము "3 లక్షల 80 వేలు ఇవ్వండి, మిగతాది వదిలేస్తాను" అన్నాడు, తీసుకున్నాడు, తర్వాత మిగిలిన 20 వేలు అడుగుతున్నాడు. 12వ తేదీ విషయంలో రాసిన తర్కాన్నే ఇక్కడ తిప్పి రాసేసి, ప్రతిఫలం లేదు కాబట్టి రాము అడగవచ్చని చాలామంది ముగిస్తారు. పినెల్ కేసు (1602), ఫోక్స్ వర్సెస్ బీర్ (1884) ఇంగ్లండులో ఆ మాటే చెబుతాయి. మన చట్టంలో సెక్షన్ 63 ఉంది. వాగ్దానం అందుకున్నవాడు తనకు రావాల్సినదాన్ని మొత్తంగా గానీ కొంతగానీ వదులుకోవచ్చు, దానికి కొత్త ప్రతిఫలం అక్కర్లేదు. ఎక్కువ ఇస్తానన్న మాటకి ప్రతిఫలం కావాలి, తక్కువ తీసుకుంటానన్న మాటకి అక్కర్లేదు. రాముకి ఆ 20 వేలు రావు.